పప్పు ఉడకని దేశం

ఊహాలోకం కథ అనగానే మొదటి పేజీలో పటం ఉండాల్సిందేనా? కొండలు, నదులు గీయకుండా ఒక పని, ఒక పూట కూడు, ఒక కట్టుబాటు పట్టుకుని ఆ లోకాన్ని ఎలా నిలబెట్టొచ్చో ఒక ఉప్పు ఊరు కట్టి చూద్దాం.

ఊహాలోకం కథ రాద్దామని కూర్చున్న కుర్రాడి నోటుపుస్తకం తెరిస్తే మొదటి పేజీలో పటం కనిపిస్తుంది. పైన మంచుకొండలు, కింద ఎడారి, మధ్యలో వంకర టింకర నది, నది ఒడ్డున రాజధాని, ఓ మూల శాపం తగిలిన అడవి. రెండో పేజీలో రాజుగారి వంశవృక్షం. మూడో పేజీ ఖాళీ. రాజధానిలో తెల్లవారుజామున అందరికంటే ముందు ఎవరు లేస్తారో, లేచి ఏం పని చేస్తారో అతనికింకా తెలియదు మరి.

తప్పు కుర్రాడిది కాదు. టోల్కీన్ అంతటివాడే పటం ముందు పెట్టుకుని కథను దానికి తగ్గట్టు నడిపానని చెప్పుకున్నాడు. అర్సులా లెగ్విన్ కూడా ‘ఎర్త్‌సీ’ దీవులను మొదట్లోనే కాగితం మీద గీసుకుంది. వాళ్లను చదివి పెరిగినవాళ్లు పటంతోనే మొదలుపెడతారు. టోల్కీన్ ఆ పటం గీసేనాటికే ఏళ్ల తరబడి భాషలూ పురాణాలూ అల్లుకుంటూ వచ్చాడన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు.

పటం లేకుండా నిలబడిన లోకాలూ ఉన్నాయి. ‘డిస్క్‌వరల్డ్’ నవలలు రాసిన టెరీ ప్రాచెట్ తన లోకానికి పటం గీయడం కుదరదని చాలాకాలం పట్టుబట్టాడు. ఆంఖ్-మోర్‌పోర్క్ అనే తన నగరం వీధుల పటాన్ని 1993లో బయటికి వదిలేసరికి ఆ వరుసలో నవలలు డజను దాటిపోయాయి. ఏ సందులో ఏం అమ్ముతారో, ఏ వంతెన దగ్గర ముక్కు మూసుకోవాలో పాఠకులకు అప్పటికే తెలుసు.

మనకైతే ఈ పద్ధతి పాతదే. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలూ ఒకే దారి మీద నడుస్తాయి. మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు, తోడుగా ఒక గొల్లపిల్లవాడు. మజిలీకో కథ చెబితేనే వస్తానని పిల్లవాడి షరతు. ఆ కథల్లో ఎన్ని రాజ్యాలు, ఎన్ని ద్వీపాలు వచ్చినా, ఏది దేనికి ఏ దిక్కున ఉందో చూసుకోవాల్సిన అవసరం మన తాతలకు పడలేదు. ఎంతసేపు నడిచారు, ఎక్కడ దిగారు అన్నదే అక్కడి కొలత.

గోడలు తోమే పద్దెనిమిది మంది

ఈ తరహా కట్టడంలో నాకు తెలిసిన గొప్ప పనితనం మెర్విన్ పీక్‌ది. చైనాలో పుట్టి పెరిగిన ఆంగ్లేయుడు, బొమ్మలు గీసేవాడు. 1946లో ‘టైటస్ గ్రోన్’ అనే నవల ప్రచురించాడు. కథంతా గోర్మెన్‌గాస్ట్ అనే ఒక బ్రహ్మాండమైన పాతకోటలో జరుగుతుంది. మంత్రాలు లేవు, రాక్షసులు లేరు. కోట ఏ దేశంలో ఉందో, పొరుగు దేశం ఏదో రచయిత చెప్పడు. అయినా రెండు అధ్యాయాలు దాటేసరికి ఆ కోట వాసన మన ముక్కుకు తగులుతుంది.

కోటలో పెద్ద వంటశాల ఉంది. దాని రాతిగోడలు తోమడానికి పద్దెనిమిది మంది ఉన్నారు. ఆ పని తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. పిల్లవాడికి మీసాలు వచ్చే వయసుకల్లా బతుకు ఖరారైపోతుంది. రోజూ ఆ బండలకు దగ్గరగా నిలబడి తోమీ తోమీ వాళ్ల మొహాలు కూడా బండల్లా అయిపోయాయంటాడు పీక్. కోట ఎంత పాతది, ఎంత మొండిది, అక్కడ మనిషి విలువెంత అన్న మూడు సంగతులూ ఆ ఒక్క పనిలో తెలిసిపోతాయి. చరిత్ర పాఠం చెప్పే ముసలి పాత్ర ఆయనకు అవసరం కాలేదు.

కోట ప్రభువు దినచర్య ఇంకా విచిత్రం. పొద్దున ఫలహారం వేళ గ్రంథపాలకుడు మూడు పుస్తకాలు తెచ్చి ముందు పెడతాడు. ఆ రోజు ప్రభువు గంట గంటకూ ఏం చేయాలో, ఏం తొడుక్కోవాలో, ఏ సైగ చేయాలో మొదటి పుస్తకంలో రాసి ఉంటుంది. రెండో పుస్తకం నిండా ఖాళీ పేజీలే. అది ఆనవాయితీ కోసం ఉంటుంది, అంతే. దేనికి ఏది చూడాలో చెప్పే సూచనలన్నీ మూడోదానిలో. ప్రభువు ఇప్పుడున్న ఎత్తుకు మూడంగుళాలు తక్కువ ఉంటే ఏ దుస్తులు, ఏ సైగలు, ఏ దారి అన్నది కూడా మారిపోయేదట! ఈ మూడంగుళాల ముక్క దగ్గర నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను. ఎవరూ ఎందుకని అడగకుండా తరాల తరబడి పోగుపడిన ఆచారం ఎలా ఉంటుందో ఆ ఒక్క ముక్కలో ఉంది.

నవలను కదిలించేది కూడా ఇదే. వంటశాల పనిలోంచి తప్పించుకున్న స్టీర్‌పైక్ అనే కుర్రాడు ఆ కట్టుబాట్ల సందుల్లోంచి పైకి పాకుతాడు. ఎవరు ఏ వేళ ఎక్కడ ఉండి తీరాలో అందరికీ తెలిసిన చోట, ఉండకూడని చోట ఉండగలిగినవాడికి అదే ఆయుధం. ఆచారాలను తీసేస్తే స్టీర్‌పైక్‌కు కథే లేదు. ఊహాలోకంలో పెట్టే ప్రతి కట్టుబాటునూ ఇలాగే పరీక్షించుకోవచ్చు: దాన్ని కొట్టేసి చూడండి. కథ ఏమాత్రం కదలకపోతే అది గోడకు వేలాడదీసిన అలంకారం.

ఒక పని ఎంచుకుందాం

చెప్పడం కంటే కట్టి చూడటం మేలు. ఉప్పు పండించడం తీసుకుందాం. నౌపడ దగ్గరో, చినగంజాం దగ్గరో, ఇస్కపల్లి దగ్గరో ఉప్పు మడుల పక్కగా వెళ్లినవాళ్లకు తెల్లటి కుప్పలు గుర్తుండే ఉంటాయి. పని తెలిసినదే కాబట్టి ఊహించుకోవాల్సింది దాని పర్యవసానాలను మాత్రమే.

ముందు పని సంగతి సరిగ్గా తెలుసుకోవాలి. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. పోటు వచ్చినప్పుడు తూము ఎత్తి నీళ్లను పెద్ద చెరువులోకి పెడతారు. అక్కడి నుంచి మడి తర్వాత మడిలోకి మళ్లిస్తూ పోతే, ఎండకూ గాలికీ నీరు ఇగురుతూ చిక్కబడుతుంది. దారిలోనే సున్నం లాంటివి, జిప్సం అడుగుకు దిగిపోతాయి. నీరు పదోవంతుకు ఇగిరేసరికి ఉప్పు పలుకులు కట్టడం మొదలవుతుంది. అక్కడితో ఆగాలి. ఇంకా ఆశపడి ఎండబెడితే మెగ్నీషియం లవణాలు కూడా దిగి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పీలుస్తుంది. అందుకే మిగిలిన చేదునీటిని వేళకు బయటికి వదిలేయాలి. వీటన్నిటికంటే ముందు మడి అడుగును కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరచాలి. లేకపోతే ఉప్పుతో పాటు బురదా లేస్తుంది. ఇంతా చేశాక ఒక్క వాన కురిస్తే కట్టిన పలుకు కరిగిపోతుంది.

ఇప్పుడు ఈ పని తప్ప మరో బతుకుతెరువు లేని ఊరిని ఊహించుకుందాం. దానికి రాజు అవసరమో కాదో తర్వాత చూడవచ్చు. తూము ఎత్తేవాడు మాత్రం ఉండి తీరాలి. మన చెరువుల కింద నీరటి ఉన్నట్టే ఇక్కడా ఒకడుంటాడు. పెద్ద పోటు అమావాస్యకూ పున్నమికీ వస్తుంది కాబట్టి ఆ ఊరి కాలమంతా వాటి చుట్టూ తిరుగుతుంది. కూలి డబ్బులు పక్షానికోసారి. సంత కూడా అప్పుడే. వాళ్లకు ఆదివారం, సోమవారం అనే మాటలు అక్కర్లేదు. ‘పోటుకు మూడు నాళ్లు’ అంటే చాలు. తూము పట్టినవాడు ఎవరి మడికి ముందు నీళ్లు వదలాలో నిర్ణయిస్తాడు గనుక వాడి కూతురికి సంబంధాలు వెతుక్కోనక్కర్లేదు. అధికారం ఎవరి చేతిలో ఉందో తేలిపోయింది. సింహాసనం కావాలంటే తూము దగ్గర ఒక రాతిబల్ల వేసుకోండి.

మంచినీళ్ల లెక్క

ఉప్పు ఊళ్లో ఉప్పుకు విలువ లేదు. విలువైనది మంచినీరు. బావి తవ్వితే ఉప్పునీళ్లే. తాగే నీళ్లు వానవల్ల రావాలి. అదే వాన పంటను కరిగిస్తుంది. ఆ ఊరి మనిషి మబ్బును చూసి సంతోషించాలా, ఏడవాలా? ఈ ప్రశ్న దొరికాక ఇక దేవుడి గురించి, పండగల గురించి విడిగా ఊహించుకోవాల్సిన పని లేదు. మడులు పండే నెలల్లో వాన అనే మాటే ఎత్తకూడదు. ఆఖరి కుప్ప తాటాకు కప్పుకున్న రోజున ఊరంతా పెరట్లోకి వచ్చి, ఉన్న గిన్నెలన్నీ ఆకాశం కింద బోర్లించకుండా పెట్టడమే వాళ్ల పెద్దపండగ.

లెక్క వేసి చూస్తే ఇంకా తెలుస్తుంది. తాగడానికీ వండటానికీ మనిషికి రోజుకు ఐదు లీటర్లు అనుకుందాం. ఐదుగురున్న ఇంటికి పాతిక లీటర్లు. వాన లేని ఎనిమిది నెలలకు ఆరువేల లీటర్లు. నూరు గడపల ఊరికి ఆరు లక్షలు. ఇరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతున్న కుంట సరిగ్గా అంత పడుతుంది. ‘ఊరికి ఒక కుంట ఉంది’ అని రాసి ముందుకు పోవచ్చుననిపిస్తుంది.

పోకూడదు. సముద్రపు నీటిని ఇగిర్చి ఉప్పు చేసే ఎండ ఈ కుంటను మాత్రం వదిలిపెడుతుందా? రోజుకు ఐదు మిల్లీమీటర్లు ఆవిరైనా ఎనిమిది నెలల్లో మీటరు ఇరవై సెంటీమీటర్లు పోతుంది. కుంటలో ఐదు పాళ్లకు నాలుగు పాళ్లు గాలిలో కలిసినట్టే. ఆ ఊరు తొలి ఏడాదే దాహంతో చచ్చిపోయేది. కాబట్టి కుంట వెడల్పు తగ్గాలి, లోతు పెరగాలి, పైన కప్పు పడాలి. ఇసుక నేలలో అంత లోతు తవ్వితే అడుగు నుంచి ఉప్పునీరు ఊరుతుంది. రాయి తెచ్చి, సున్నం దట్టించి కట్టాలి. రాయి దూరం నుంచి రావాలి. ఇంత ఖర్చుపెట్టి ఊరంతా కలిసి కట్టింది కాబట్టి ఆ ఊళ్లో అన్నిటికంటే పెద్ద కట్టడం అదే అవుతుంది. చీకటిగా, చల్లగా, మెట్లు దిగి వెళ్లేలా ఉంటుంది. గుడి ఎక్కడుందని అడగనక్కర్లేదు. చెప్పులు బయట విడిచి వెళ్లేది అక్కడికే. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు, ఉమ్మకూడదు, మైలతో దిగకూడదు.

పటం ముందు గీసుకున్నవాడు ఇక్కడొక గోపురం బొమ్మ వేసి ఊరుకునేవాడు. గుడి ఎందుకు నేల కింద ఉందో ఆ బొమ్మ చెప్పదు.

పొయ్యి మీద ఏముంది

ఊహాలోకాల వంటల గురించి డయానా విన్ జోన్స్ 1996లో ‘ది టఫ్ గైడ్ టు ఫాంటసీల్యాండ్’ అని వెటకారపు గైడు ఒకటి రాసింది. ఏ రాజ్యానికి వెళ్లినా, ఏ సత్రంలో దిగినా ఒకటే కూర: కుండలో ఉడికిన మాంసం పులుసు. గంటల తరబడి ఉడకాల్సిన ఆ వంటను, వెనకాల శత్రువులు తరుముతుంటే దారి పక్కన ఆగి ఎవరు వండుతారన్నది ఆమె ఎద్దేవా. మన తెలుగు జానపద నవలల్లో ఆ పులుసు స్థానంలో ‘పంచభక్ష్య పరమాన్నాలు’ ఉంటాయి. అడవి మధ్యలో మాయలమారి చప్పట్లు కొడితే వచ్చేవి సరే, మామూలు ఇంట్లో కూడా అవే వడ్డిస్తే ఆ లోకంలో కట్టెలు ఎవరు కొడుతున్నారో తెలియనట్టే.

మన ఉప్పు ఊళ్లో ఏం వండుతారు? ఉప్పుగడ్డపై వరి పండదు. బియ్యం లోపలి ఊళ్ల నుంచి ఉప్పుకు బదులుగా బండ్ల మీద వస్తుంది. చేపలకు కొదవ లేదు, ఎండబెట్టడానికి ఎండకూ కొదవ లేదు. ఎండుచేప నిత్యం. అన్నం వండేటప్పుడు మూడు పాళ్ల మంచినీళ్లకు ఒక పాలు సముద్రపు నీళ్లు కలుపుతారు. నీళ్లు ఆదా, ఉప్పు వేయనక్కర్లేదు. గంజి పారబోయడం పాపం. గిన్నెలు తోమేది బూడిదతో, పొడి ఇసుకతో.

ఇక పప్పు. ఉప్పునీళ్లలో కందిపప్పు ఉడకదని మన పల్లెల్లో బోరునీళ్లతో వేగే ఆడవాళ్లందరికీ తెలుసు. నీటిలోని సున్నం, మెగ్నీషియం పప్పు బద్దను మెత్తబడనివ్వవు. అంటే ఆ ఊళ్లో పప్పు వండాలంటే పూర్తిగా మంచినీళ్లే పోయాలి. అది పెళ్లికి తప్ప ఎవరూ చేయలేని దుబారా. ‘పప్పన్నం ఎప్పుడు పెడతావు?’ అని మనం పెళ్లికాని కుర్రాడిని వేళాకోళం చేస్తాం. వాళ్లకు అది వేళాకోళం కాదు. పిల్లవాడి తండ్రి ఎన్ని బిందెలు దాచాడో ఆరా తీయడం.

కట్టుబాట్లు కూడా తలకిందులవుతాయి. ‘ఉప్పు తిన్న ఇల్లు’ అనే మాటకు అక్కడ అర్థం లేదు; ఉప్పు వీధిలో పడి ఉంటుంది. నీళ్లు తాగిన ఇంటికి ద్రోహం చేయకూడదు. కాబట్టి పగవాడి ఇంట్లో ఎంత దాహమేసినా నీళ్లు తాగరు. సాక్ష్యం చెప్పాల్సి ఉన్నవాడికి ఎవరో ముందు రోజు రాత్రి చెంబెడు నీళ్లు తాగిస్తే? ఇక్కడ కథ మొదలైంది. కట్టుబాటును వాడుకునేవాడు, దాన్ని మీరేవాడు, అది వల్లించి బతికేవాడు కనీసం ఒక్కొక్కరు లేకుండా దాన్ని కథలోకి దింపకండి. ఊరంతా ఒకే భక్తితో పాటించే ఆచారం ఏ ఊళ్లోనూ ఉండదు. ఎక్కడో ఒక పెద్దమ్మ చాటుగా సముద్రపు నీళ్లు ఎక్కువ కలిపి, మిగిలిన మంచినీళ్లు కూతురింటికి పంపుతూనే ఉంటుంది.

కుండ దూరం

పటం లేకపోతే దూరాలు ఎలా తెలుస్తాయన్నది అందరూ అడిగే మాట. మోసుకెళ్లే కూడు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసుకుంటే తెలుస్తుంది. పెరుగన్నం కట్టుకుని వెళ్లే ఊరు సాయంత్రంలోగా చేరేది. పులిహోర కట్టుకున్నవాడు మర్నాటికి చేరతాడు. పేలపిండి మూట కట్టాడంటే తల్లి గుమ్మం దాకా వచ్చి ఏడుస్తుంది. మన ముసలివాళ్లకు ఈ కొలతలు చెప్పక్కర్లేదు.

ఉప్పు ఊరివాళ్ల కొలత నీటి కుండ. ఎండలో నడిచే మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. కుండలో పది లీటర్లు పడితే అది ఒకరికి రెండు రోజులు. నెత్తిన బరువుతో రోజుకు పాతిక కిలోమీటర్లు నడిచినా ‘కుండ దూరం’ అంటే యాభై కిలోమీటర్లు. ఇప్పుడు ఆ ఊరి నుంచి ఒక జంట పారిపోవాలనుకుంటే? ఒక్క కుండే దొరికితే వాళ్ల దూరం సగమైపోతుంది. ఒక్కడుగా బయటపడగలిగినవాడు ఇద్దరుగా బయటపడలేడు. పటం మీద ఆ రెండు ఊళ్ల మధ్య వేలెడు దూరం కనిపిస్తుంది, అంతే. ఎవరు ఎవరిని వదిలి వెళ్లాలన్న తగువు అందులో కనిపించదు.

పటానికి బదులు నేను పక్కన పెట్టుకోమనేది ఒక చిట్టా. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరు, ఏం మోస్తూ, ఎన్ని పూటలు, దారిలో ఏం పాడవుతుంది అని పేజీకో ప్రయాణం రాసుకోవాలి. ఐదో అధ్యాయంలో రెండు కుండలు పట్టిన దారి పదిహేనో అధ్యాయంలో ఒక పూటకు తగ్గిపోతే పాఠకుడు పట్టుకుంటాడు. లోకం కూలేది సాధారణంగా ఇలాంటి చోటే. గుర్రాల సంగతి కూడా ఇంతే: గడ్డి, నీళ్లు లేని దేశంలో రౌతుల దండు దుమ్ము రేపుకుంటూ వస్తే, వచ్చిన దుమ్ము రచయిత కళ్లలో పడిందని అర్థం.

కోడలు గిన్నె కడిగింది

ఇంతా ఊహించాక అసలు ఇబ్బంది వస్తుంది. తెలిసినదంతా చెప్పేయాలనే ఆత్రం. వానలు బాగా కురిసే లోపలి ఊరి నుంచి ఈ ఉప్పు ఊరికి ఒక కోడలు వచ్చిందనుకుందాం. మొదటి చిత్తు సాధారణంగా ఇలా వస్తుంది:

*ఈ ఊళ్లో మంచినీరు చాలా విలువైనది. తరతరాలుగా ఇక్కడివారు గిన్నెలను బూడిదతో తోముతారు. కుటుంబ పెద్దకు నీటిపై మొదటి హక్కు ఉంటుంది. కొత్త కోడలికి ఈ సంగతులు తెలియవు.*

ఇది పర్యాటక శాఖ కరపత్రం. అదే సరుకును మనుషుల చేతుల్లో పెడితే:

*కోడలు బిందె వంచి అన్నం గిన్నెలో నీళ్లు పోసింది. అత్త గబగబా వచ్చి మణికట్టు పట్టుకుంది.*

*“ఏం చేస్తున్నావే?”*

*“గిన్నె కడుగుతున్నానత్తా.”*

*“నీళ్లతోనా?”*

*అత్త గిన్నెలోని నీళ్లను ఒక్క చుక్క పోకుండా చెంబులోకి వంపింది. మెతుకులు తేలుతున్నాయి. “రాత్రికి నేను తాగుతాలే” అని మూత పెట్టింది. “బిందె మీ మామది. ఎల్లుండి దాకా రావాలి.” మూలనున్న బూడిద చిప్పను కాలితో ఇటు తోసింది.*

ఎవరూ ఏమీ వివరించలేదు. నీళ్లు రోజుల లెక్కన వస్తాయని, మామ వాటా వేరని, ఎంగిలి నీళ్లు అత్త వంతని, అత్త మనసు ఎలాంటిదని కూడా తెలిసింది. ‘నీళ్లతోనా?’ అన్న ప్రశ్నలోనే ఆ లోకం ఉంది. మనకు మామూలుగా అనిపించేది వాళ్లకు వింతగా అనిపించాలి. వాళ్లకు మామూలైన దాన్ని ఎవరూ గుర్తించి మాట్లాడకూడదు.

ఆ పిల్ల పేరు తొలకరి. పుట్టింట్లో అంతకంటే మంచి పేరు లేదు. ఇక్కడ ఆ మాట నోటితో అనకూడదు గనక అత్తవారింట్లో అందరూ ‘ఏమే’, ‘పిల్లా’ అని పిలుస్తారు. ఆర్నెల్ల పాటు తన పేరు తనకు వినిపించదు. ఒకరోజు అత్తమామలు మడుల దగ్గరికి వెళ్లినప్పుడు, వాళ్లకు కమ్మగా వండిపెడదామని పుట్టింటి నుంచి తెచ్చుకున్న కందిపప్పు పొయ్యి మీద పెడుతుంది. ఘుమఘుమకు పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి “ఎవరికి పెళ్లి?” అంటుంది. సాయంత్రానికి వీధంతా అదే మాట. మామగారు మడుల దగ్గర్నుంచి వచ్చేసరికి పెళ్లికొడుకెవరో కూడా తేల్చేశారు. ఖాళీ బిందె పక్కన ఆ పిల్ల నిలబడి ఉంటుంది. నవ్వించాలన్నా, కొట్టించాలన్నా, ఆ రాత్రి నీళ్లు దొంగిలించడానికి ఆమెను గుడి మెట్లు దింపాలన్నా రచయిత ఇష్టం. ఏది చేసినా కారణం సిద్ధంగా ఉంది.

అరువు తెచ్చుకునేటప్పుడు

నిజమైన మనుషుల బతుకులోంచి ఏం తీసుకోవచ్చన్న సంగతి కూడా ఉంది. కచ్ చిన్న రణ్‌లో అగరియాలు వానాకాలం పోయాక కుటుంబాలతో సహా ఆ బీడులోకి వెళ్లి, నేల కింది ఉప్పునీటిని తోడి, మళ్లీ వానలు వచ్చేదాకా ఉప్పు పండిస్తారు. తాగునీళ్లు బయటి నుంచి వాళ్లకు ట్యాంకర్లలో రావాలి. బతుకంతా ఉప్పునీళ్లలో నానిన వాళ్ల పాదాలు చితిలో కాలవని, వాటిని విడిగా ఉప్పుతో పాటు పాతిపెడతారని చెప్పుకుంటారు. ఊహాలోకం రాసేవాడికి ఇలాంటిది కనబడగానే చెయ్యి దురద పెడుతుంది. ఆ తంతును ఉన్నదున్నట్టు ఎత్తి తన రాజ్యంలో పెట్టేస్తే అది ఒకరి దుఃఖాన్ని తోరణం కట్టుకున్నట్టే ఉంటుంది, పైగా కథలో అతకదు.

తీసుకోవాల్సింది దాని వెనకున్న కారణాన్ని: పని ఒంటి మీద గుర్తు వేస్తుంది, ఆ గుర్తు మనిషితో పాటు పోదు. మన ఊళ్లో అది ఎలా వస్తుంది? మడి అడుగు తొక్కే కాళ్లకు పగుళ్లు పడతాయి. పగుళ్లు లేని కాలు అంటే పని చేయని కాలు. తూముదారు కొడుకు చెప్పులు విడిచి గుడి మెట్లు దిగేటప్పుడు అందరి చూపూ అతని నున్నటి పాదాల మీదే ఉంటుంది. పెళ్లిచూపుల్లో పిల్ల మొహం చూడరు, పాదాలు చూస్తారు. తొలకరి పాదాలు పొలం బురదలో నానినవి, మెత్తగా ఉంటాయి. ఆమెను మొదటి రోజు నుంచీ తూముదారు ఇంటి మనిషిలా ఎందుకు అనుమానంగా చూశారో ఇప్పుడు మనకు తెలిసింది. కథ రాయడం మొదలుపెట్టినప్పుడు నాకూ తెలియని సంగతి అది.

పటం అసలు వద్దని కాదు. జో అబెర్‌క్రాంబీ తన తొలి నవలాత్రయాన్ని పటం లేకుండానే 2006లో మొదలుపెట్టాడు. యుద్ధాలున్నా పాఠకులు దారి తప్పలేదు. 2011లో ‘ది హీరోస్’ రాసినప్పుడు మాత్రం పోరాట స్థలం పటాలు వేశాడు. మూడు రోజుల పాటు ఒకే లోయలో సాగే యుద్ధం అది; ఏ గుట్ట ఎవరి చేతిలో ఉందో, ఏ వంతెన దగ్గర ఎవరున్నారో పూటపూటకూ తెలియాలి. ముట్టడి, ఓడల ప్రయాణం, దండు కదలికలు నడిపించే కథకు కాగితం మీద గీత అవసరమే. మన ఉప్పు ఊళ్లో కూడా తూము తగాదా ముదిరి, కింది మడులవాళ్లు రాత్రికి రాత్రి గట్టు తెంచే అధ్యాయం వస్తే, ఏ మడి దేనికి ఎగువనో ఒక చిన్న బొమ్మ గీసుకోవాల్సి వస్తుంది. అప్పుడు గీసుకోండి. ఎవరి మడి మునుగుతుందో అప్పటికి మీకు పేరుతో సహా తెలిసి ఉంటుంది.